నీడ పన్ను

మంగళవారం, సంత మర్నాడు

నీళ్ళ మిషను పొద్దున్నే రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. తొట్టిలో పావు వంతే నిండింది.

ఈ రెండు నెలలూ మిషను వంతు మా ఇంటిది. వంతు వచ్చిన ఇల్లు సముద్రపు నీళ్ళు మిషనులోకి తోడాలి, ఉప్పు పట్టిన జల్లెడలు కడగాలి, ఏ రోజు ఎన్ని మంచినీళ్ళు దిగాయో ఈ పుస్తకంలో రాయాలి. మా అత్తయ్య వరహాలమ్మ గారికి చూపు ఆనదు. మా ఆయన తెల్లారకుండానే వలకు వెళ్ళిపోతారు. అందుకని రాత నాకు పడింది. నేను చదివింది ఐదో తరగతి. నీళ్ళ సంగతి ఒక్కటీ రాస్తే చాలన్నారు గానీ, ఒక్క ముక్క రాసి వదిలేస్తే పేజీ బోసిగా ఉంటోంది. మనుషులతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. పేజీతో అయితే బాగానే మాట్లాడతాను.

బిందెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళందరూ నన్నే చూశారు.

"నన్ను చూస్తే ఏం లాభం, నిన్న సంత కదా" అన్నాను, లోపల్లోపలే. పైకి మాత్రం తల దించుకున్నాను.

మా మొగలిలంకలో నేల లేదు. ఇళ్ళన్నీ తెప్పల మీదే. మధ్యలో ఉన్న పెద్ద తెప్ప మీద ఎండ పలకలు పరిచి ఉంటాయి. అవి ఎండను పట్టి దాస్తాయి, ఆ ఎండతో మర్నాడు పొద్దున్న మిషను నడుస్తుంది. చుట్టుపక్కల తెప్పల ఊళ్ళలో ఇంత విశాలమైన చోటు ఇదొక్కటే. అందుకే మూడేళ్ళ క్రితం సోమవారం సంత ఇక్కడ పెట్టించారు. ఊరికే వచ్చి అమ్ముకోండి అని పెద్దలే పడవలు కట్టుకుని వెళ్ళి పిలిచారు. అప్పుడు పది గంపలు వచ్చేవట. ఇప్పుడు పెద్ద తెప్ప నిండా పందిళ్ళే. పందిరి వేస్తే కింద పలకకు ఎండ తగలదు. సోమవారం నీడ మంగళవారం దాహమై కూర్చుంటోంది.

ఇంటికి ఒక్క బిందె చొప్పున పంచాను. మాకు అర బిందె మిగిలింది.

"సంతోళ్ళు మన ఎండ మింగేసి పోతన్నారు" అంది పక్కింటావిడ.

ఆ సంతవాళ్ళలో మా అమ్మ ఉంది. ఆవిడ బిందె ఎత్తి ఆవిడ నడుం మీద పెట్టాను.

బుధవారం

నీళ్ళు సరిగా దిగాయి. జల్లెడలు రెండుసార్లు కడిగాను.

సాయంత్రం ప్రెసిడెంటు బుల్లబ్బాయి గారు గంట కొట్టించారు. సంతలో దుకాణాలకు పన్ను వెయ్యాలా వద్దా అని శుక్రవారం ఊరి సభ.

మా అమ్మ అప్పాయమ్మది జమ్ములదిబ్బ. పొన్నగంటి కూర, తామర దుంపలు గంపకెత్తుకుని సోమవారం ఇక్కడికొచ్చి గొడుగు కింద కూర్చుంటుంది. నా పెళ్ళయ్యాక నేను అమ్మను చూసేది సంతలోనే. కూర కొనే నెపంతో వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఆవిడ బేరాలాడుతూనే నా తలలో చిక్కు తీస్తుంది. ఊరికే చూసిపోవడానికి పడవ కిరాయి ఎవరిస్తారు? గంప ఉంటేనే అమ్మ వస్తుంది.

ఇదివరకు అమ్మ ఇంకో ఊరి సంతకు వెళ్ళేది. అక్కడ పన్ను వేశాక మానేసింది.

"ఏమైందే, నీ మొహం అలా మాడిపోయింది?" అని అత్తయ్య అడిగారు. చూపు ఆనదంటారు గానీ, నా మొహం మాత్రం ఆవిడకు బాగానే ఆనుతుంది.

శుక్రవారం

సభ గురించి రాయాలి. నీళ్ళు ఎన్ని దిగాయో ముందే రాసేశాను.

మా ఊరి సభకు ఒక పద్ధతి ఉంది. దాన్ని ఎదుటిమాట అంటారు. ఎవరైనా తన మాట చెప్పాలంటే ముందు తనను కాదనేవాళ్ళ మాట చెప్పాలి. ఆ కాదనేవాళ్ళు "అదే నా మాట" అని ఒప్పుకున్నాకే తన సొంత మాటకు వంతు. తెప్పల మీదకు వచ్చిన కొత్తలో కొట్లాటల్లో మనుషులు నీళ్ళలో పడుతుంటే పెట్టుకున్నారట.

ముందు పల్లపోతు వీర్రాజు గారు లేచారు. తాళ్ళు, డ్రమ్ములు అమ్మే ఆయన. గొంతు పెద్దది.

"వేలం పెట్టండి. పాట నేను పాడతాను. ఏడాదికి నాలుగొందల దివ్వెలు ముందే ఊరి పెట్టెలో పోస్తాను. సంతలో వసూలు తిప్పలు నావి."

దివ్వె అంటే గోలీ అంత పూస. అందులో ఒక దీపం ఒక సాయంత్రం వెలిగేంత ఎండ ఉంటుంది. మా వైపు చెల్లుబాటయ్యేది అదే, పావు దివ్వెలూ ఉంటాయి. నాలుగొందలు అనగానే సభలో గాలి మారింది.

"ముందు ఎదుటిమాట చెప్పు వీర్రాజూ" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఎదుటోళ్ళేవంటారండీ? నా మీద ఏడుస్తారు."

"అది మాట కాదు. మళ్ళీ చెప్పు."

"వీర్రాజు మంచోడే గానీ, మరీ అంత మంచోడైతే మనం తట్టుకోలేం అంటారు."

జనం పడీ పడీ నవ్వారు. మా అత్తయ్య కర్ర తాటించి, "ఒరే వీర్రాజూ, నీ పెళ్ళినాడు కూడా నీ సొంత పొగడ్తలే చదివావు. సరిగ్గా చెప్పరా" అన్నారు.

ఆయన మెడ గోక్కున్నారు. కాసేపు నిజంగానే ఆలోచించారు. "పాట పాడినోడు ముందు పెట్టింది రాబట్టుకోవాలి కదా. మీద ఇంత లాభం చూసుకోవాలి. పెద్ద పందిరోడు గదమాయిస్తే తగ్గుతాడు, గంపమ్మి దగ్గర మాత్రం పిడికెడు కూర కూడా లాక్కుంటాడు. మొత్తం ఎంత పుచ్చుకున్నాడో ఊరికి తెలీదు. తిట్లు మాత్రం ఊరికొస్తాయి."

"అదే నా మాట!" అన్నారు అత్తయ్య.

"ఇప్పుడు నీ మాట చెప్పు" అన్నారు ప్రెసిడెంటు గారు.

వీర్రాజు గారు మళ్ళీ మెడ గోక్కుని, "ఎదుటిమాటే బాగున్నట్టుందండీ" అని కూర్చున్నారు. ఆయనకు పడినన్ని చప్పట్లు ఇంతవరకూ ఏ సభలోనూ ఎవరికీ పడలేదు.

తర్వాత అత్తయ్య లేచారు. సంతవాళ్ళ మీద పన్ను అక్కర్లేదు, ఇంటికింత అని మనమే వేసుకుందాం అన్నారు. "సంత లేనప్పుడు సూది కావాలన్నా పడవ కట్టాల్సొచ్చేది. సుఖం మనదైతే ఖర్చు మనది కాదా?" అని. దానికి ఎదుటిమాట ముందే ఆవిడ చక్కగా చెప్పారు. సంతలో ఏమీ కొనుక్కోలేని ఇల్లు కూడా, కొనేవాళ్ళ కోసం ఎందుకు కట్టాలి అని. పక్కింటావిడ ఒప్పుకుంది.

చివరికి ఎక్కువమంది ఒక దగ్గర ఆగారు. దుకాణానికి రెండు దివ్వెలు. పందిరైనా గంపైనా రెండే. "అందరికీ ఒకటే. ఇంతకన్నా న్యాయం ఏముంది?" అన్నారు ఎవరో.

మా అమ్మ రోజంతా కూర్చుంటే వచ్చేది ఐదు దివ్వెలు. పడవ కిరాయి ఒకటి.

ప్రెసిడెంటు గారు చేతులెత్తమని అడగబోయారు. ఇంతలో అత్తయ్య నా నడుం మీద కర్రతో పొడిచారు. "మా కోడలిది జమ్ములదిబ్బ. సంతోళ్ళ ఎదుటిమాట అది చెప్తుంది" అన్నారు.

లేచి నిలబడ్డాను. ఎవరి మొహం చూసినా నా మొహమే చూస్తోంది. అమ్మ కిరాయి సంగతి చెప్పాలనుకున్నాను. కానీ అది స్వార్థం అంటారేమోనని మానుకున్నాను. చివరికి నోట్లోంచి వచ్చింది ఇంతే:

"నేను చెప్తాను గానీండీ... ఆళ్ళు ఇక్కడ లేరు కదా. అదే నా మాట అని ఎవరంటారు?"

మూడేళ్ళుగా సంత గురించి ఎన్నో సభలు పెట్టారు. అన్నీ సంత లేని రోజునే పెట్టారు. ఎవరికీ తట్టలేదు.

ప్రెసిడెంటు గారు తల మీద తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నారు. "అమ్మాయి చెప్పింది రైటే. కట్టేవోళ్ళు లేకుండా కట్టమంటన్నాం. సోమవారం సంతలోనే కూర్చుందాం."

ఆదివారం

జల్లెడలు కడిగి, నా నీలం చీర ఉతికి పెద్ద తెప్ప మీద ఆరేశాను. చీర పరవగానే మిషను రొద సన్నబడింది. తీస్తే మళ్ళీ పుంజుకుంది. ఆదివారాలు జల్లెడలు కడిగాక, పరీక్షకని మిషనును కాసేపు అప్పటికప్పుడు పట్టే ఎండతోనే నడుపుతాం.

మా ఆయన పడవ దగ్గర వల సర్దుకుంటూ చూసి, "ఏంటి, ఊరి ఎండంతా నీ చీరకే తాగిస్తన్నావ్? రేపు దానిక్కూడా పన్నేత్తారు" అన్నారు.

"ఎయ్యనివ్వండి. చీరంత ఎయ్యాలి. చేతిరుమాలుకి చీరంత వేస్తేనే తప్పు" అన్నాను.

ఆయన వల వదిలేసి నా వైపు చూశారు. నేనూ నా మాటే మళ్ళీ విన్నాను. అప్పుడు ఇద్దరం కూర్చుని పలకలు లెక్కపెట్టుకున్నాం. బట్టల సుబానీ గారి పందిరి కింద ఇరవై పలకలు పడతాయి. అమ్మ గొడుగు కింద ఒకటి. ఎవరి దుకాణంలో ఎంత అమ్ముడయ్యిందో అడిగితే నిజం చెప్పరు. నీడ మాత్రం అందరికీ కనబడుతూ పడి ఉంటుంది, దాచుకోలేరు.

"పలకకింత అని రేపు చెప్పు" అన్నారు మా ఆయన.

"మీరే చెప్పండి."

"నేను చెప్తే నీ మాట దొంగిలించినట్టవుతుంది" అని నవ్వుతూ వల భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

నాకింకో ఆలోచన కూడా ఉంది. గంపల వాళ్ళకు అసలు పన్నే వద్దని అడుగుతాను. అప్పుడు అమ్మకు ఏ భయమూ ఉండదు.

సోమవారం, సంత

ఊరి సభ సంత మధ్యలో జరగడం ఇదే మొదలు. ఒక పక్క చేపలు, ఒక పక్క బట్టలు, మధ్యలో బుల్లబ్బాయి గారి కుర్చీ. సభ మొదలైనా బేరాలు ఆగలేదు. "రెండు కట్టలకి తగ్గించు" అనే మాటా, "తీర్మానం చదవండి" అనే మాటా కలిసిపోయి వినపడ్డాయి.

దుకాణానికి రెండు దివ్వెలు అనగానే బట్టల సుబానీ గారు లేచారు. ఆయన పందిరంత నిదానం ఆయన నవ్వులో ఉంటుంది.

"నాకు రెండంటే సంతోషమే సార్. నిజం చెప్పమంటే ఇంకో మాట. రెండు కాదు, పదెయ్యండి, నాకేం? లుంగీకింత, చీరకింత కలిపేసి మీ దగ్గరే పుచ్చుకుంటాను. నా బట్ట ఇవాళ పోకపోతే వచ్చే వారం పోతుంది. ఆ కూరలమ్మలు ఎక్కడ కలుపుతారు? పొద్దుగూకితే కూర వాడిపోతుంది. ఇచ్చిన ధరకి ఇచ్చి పోవాల్సిందే."

నేను గబగబా లేచాను. ఇప్పుడు కాకపోతే మరి లేవలేనని తెలుసు. పలకలకు నీడ పడితే నష్టమని, ఎవరు ఎంత నీడ వేస్తే అంత కట్టాలని, పలకకు పావు దివ్వె చాలని చెప్పాను. తాడుకు పలకంత దూరానికి ఒక ముడి వేసి అందరి ముందూ కొలవచ్చని చెప్పాను. ముందే చెప్పాల్సిన ఎదుటిమాట అప్పుడు గుర్తొచ్చి సుబానీ గారిది చెప్పాను: "పెద్ద పందిరి కాబట్టే జనం ఎండకి తట్టుకుని నిలబడతన్నారు, ఆ నీడ నా ఒక్కడిదేనా అంటారు ఆయన."

"అదే నా మాట" అన్నారు సుబానీ గారు, నవ్వి. "అయినా కడతాను."

తర్వాత గంపల వాళ్ళ వైపు తిరిగాను. "గంప పెట్టుకునేవాళ్ళు బీదోళ్ళు. ఆళ్ళ దగ్గర పుచ్చుకోకూడదు. ఉత్తినే కూర్చోనివ్వాలి. ఇది ఆళ్ళ మాట."

"అదే మా మాట!" అన్నారు వరసగా కూర్చున్న గంపల ఆడవాళ్ళు. సభ మెత్తబడింది. ప్రెసిడెంటు గారు కూడా తలాడించారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నా మాట కాదు" అంది మా అమ్మ.

గొడుగు కింద నుంచి లేవకుండానే అంది. చేతిలో ఎవరికో ఇవ్వబోయిన పొన్నగంటి కట్ట అలాగే ఉంది.

"అమ్మా!" అన్నాను.

"సంతలో అమ్మా లేదు, కూతురూ లేదు. నన్నడక్కుండా నా మాట నువ్వెలా చెప్తావే సత్తేణీ?"

ఊరంతా నవ్వింది. అత్తయ్య అందరికన్నా ముందు నవ్వారు. నేను భూమిలోకి కుంగిపోదామనుకున్నాను, మా ఊళ్ళో ఆ వీలు కూడా లేదు.

"ఉత్తినే ఇస్తామంటే వద్దంటావేంటమ్మా?" అని ప్రెసిడెంటు గారు అడిగారు.

"ఉత్తినే ఇచ్చిన చోటు ఎవరి చోటు బాబూ?" అంది అమ్మ. "మొన్నామధ్య సుబానీ గారి పందిరి ఓ మూర ముందుకొచ్చింది. నేను ఓ మూర ఎనక్కి జరిగాను. ఆ పై వారం ఇంకో మూర. ఇంకో రెండు వారాలాగితే సముద్రంలో కూకుని అమ్మాలి. ఎవరితో చెప్పుకోను? చెప్పుకుంటే 'నువ్వేం కట్టావ్ గనక' అంటారు. మనసు బాగుంటే కూకోనిస్తారు, బాగోలేకపోతే లేపేస్తారు. జాలి మీద బతికేదానికి జాగా ఉండదు."

సుబానీ గారు వెనక్కి తిరిగి తన పందిరి గుంజ వైపు చూసుకున్నారు. నిజంగానే అమ్మ గంపను ఆనుకుని ఉంది. "చూసుకోలేదమ్మా" అని గుంజ పీకి వెనక్కి జరిపారు.

"మీరు చూసుకోరు. చూసుకోవాల్సిన పని మీకు లేదు. రెండు దివ్వెలంటే నేను రాను, నా వల్ల కాదు. పావు దివ్వె అంటే రెండు కట్టలు. అది కడతాను. కట్టినట్టు నాకో బిళ్ళివ్వండి. ఆ బిళ్ళ ఉన్నంతసేపు ఈ పలక నాది. పందిరోడు రానీ, ప్రెసిడెంటు రానీ, జరగను."

గంపల ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మా మాట కూడా అదేనండీ" అంది ఒకావిడ.

"ఇందాక ఉత్తినే కావాలన్నారు కదమ్మా!"

"ఇందాక ఈవిడ చెప్పలేదు కదండీ!"

బుల్లబ్బాయి గారు నవ్వాపుకోలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

సుబానీ గారు ఇంకో మాట కలిపారు. కట్టేది సంతవాళ్ళు, ఖర్చు పెట్టేది ఊరు. ఆ దివ్వెలు నీళ్ళ మిషనులోకి వెళ్ళాయో, వేరే ఏ దీపానికో వెళ్ళాయో వాళ్ళకు ఎలా తెలుస్తుంది? వీర్రాజు గారు లేచి, బయటి ఊరివాళ్ళకు మా సభలో పెత్తనమేంటని అడగబోయి, తనంతట తనే ఆగి, కట్టినవాళ్ళు లెక్క అడగడం పెత్తనం కాదని ఎదుటిమాట చెప్పారు. ఈసారి మొదటిసారికే సరిగ్గా చెప్పారు.

తీర్మానం ఇది. నీడ పడిన పలకకు పావు దివ్వె, పందిరికైనా గొడుగుకైనా అదే లెక్క. వేలం లేదు. వంతున్న ఇల్లు ముడుల తాడుతో అందరి ముందూ కొలుస్తుంది. కట్టినవాళ్ళకు బిళ్ళ, బిళ్ళకో చోటు. వచ్చిన దివ్వెలు వేరే పెట్టెలో పోసి మంగళవారం మిషనుకే వాడాలి. నెలకోసారి ఆ పెట్టె లెక్క చూసే సభలో సంతవాళ్ళ తరఫున ఒకరు కూర్చుంటారు, సంత విషయాల వరకు వాళ్ళకూ చెయ్యెత్తే హక్కుంది.

"ఎవరిని పెడతారు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఇంకెవరినండీ" అన్నారు సుబానీ గారు, "నా గుంజ పీకించిన ఆవిడనే."

సభ అయ్యాక భయంభయంగా అమ్మ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. కోపం ఉందేమోననుకున్నాను.

"ముడుల తాడు సంగతి ఎవరు చెప్పారే నీకు?" అంది.

"నేనే అనుకున్నాను."

"ఊఁ. తాడు బాగుంది. నన్ను బీదదాన్ని చెయ్యడమే బాలేదు" అని తామర దుంప ఒకటి విరిచి నా నోట్లో పెట్టింది.

ఆ పై వారం, మంగళవారం

మొదటి పన్ను నిన్న మేమే కొలిచాం. మా ఆయన తాడు పట్టుకుంటే నేను ముడులు చెప్పాను. గట్టిగానే చెప్పాను. పన్ను పడుతుందని సుబానీ గారు పందిరి నాలుగు పలకలు తగ్గించి వేశారు. ఇంకో ఇద్దరు కూడా తగ్గించారు. పలకలకు ఎండ తగిలింది, పెట్టెలో దివ్వెలూ పడ్డాయి.

పొద్దున్న ఆ దివ్వెలు మిషనులో పోశాను. దగ్గలేదు. ఇంటికి మూడేసి బిందెలు ఇచ్చాను. పక్కింటావిడ నాలుగోది అడిగింది. ఇవ్వలేదు.

నెలాఖరు, ఆదివారం

నీళ్ళు నిండా దిగాయి.

పెట్టె లెక్క చూసే సభ రేపు పొద్దున్న, సంత మొదలవకముందే. జమ్ములదిబ్బ నుంచి అంత పెందలాడే రావడం కుదరదు. అందుకని అమ్మ ఇవాళ మధ్యాహ్నమే దిగింది, గంపతో పాటు చాప, దుప్పటి, ఒక చిన్న మూట. ఇకమీదట ప్రతి నెలా ఇదే పద్ధతి.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఒక్క పూట సభకి ఇంత మూటేంటి వదినా? కాపరానికొచ్చావా?" అన్నారు.

"నేను చుట్టపు చూపుకి రాలేదమ్మా, సంత పని మీదొచ్చాను" అంది అమ్మ. చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

ఇప్పుడు ఇద్దరూ లోపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలని వాదించుకుంటున్నారు. అత్తయ్య ఒక పిడికెడు అంటారు, అమ్మ అరపిడికెడు అంటుంది. ఇద్దరూ నన్ను పిలుస్తున్నారు, ఎవరి మాట రైటో చెప్పమని.

నేను వెళ్ళడం లేదు. ఈ పేజీ నింపేదాకా ఇక్కడే కూర్చుని వింటాను.